మూడు పేర్ల నిబంధన

'రచయితలకు సూచనలు' అని ఆ పరిశోధన పత్రిక ఏటా మొదటి సంచిక చివర నాలుగు పేజీలు అచ్చు వేసేది. అక్షరాలు చీమ తలకాయంత. యూనివర్సిటీ లైబ్రరీలో జిరాక్స్ తీయించుకుని హిందూపురం తెచ్చుకున్నాను. తొంభైల చివరి రోజులు. నేను డిగ్రీ కాలేజీలో జువాలజీ పాఠాలు చెబుతూ, సెలవుల్లో పట్టుపురుగుల మీద పార్ట్‌టైమ్ పరిశోధన చేస్తుండేదాన్ని. థీసిస్ ఇవ్వాలంటే ముందు ఒక పత్రమైనా అచ్చు కావాలి, లేదంటే అచ్చు వేస్తామన్న ఉత్తరమైనా చేతిలో ఉండాలి. నా రిజిస్ట్రేషన్ గడువు ఆ ఏడాది ఆఖరుకు ముగుస్తుంది. ఒకసారి పొడిగించుకున్నాను, ఇంకోసారి పొడిగించరు.

నాకొక జబ్బు ఉంది. కామా తప్పు పడితే అన్నం సయించదు. పిల్లల రికార్డు పుస్తకాల్లో మార్జిన్ గీత వంకరగా ఉంటే తిరిగి గీయించేదాన్ని. అందుకని ఆ నాలుగు పేజీలు నా కోసమే రాసినట్టనిపించాయి. ఏ4 కాగితం, ఒక వైపే టైపు, డబుల్ స్పేసింగు, నాలుగు పక్కలా అంగుళం మార్జిన్, మూడు ప్రతులు, ఒక ఫ్లాపీ. పట్టికలు విడి కాగితాల మీద. రిఫరెన్సుల్లో ముందు ఇంటిపేరు, తర్వాత ఇనిషియల్స్, బ్రాకెట్లో సంవత్సరం, పత్రిక పేరు కుదించి కింద గీత గీయాలి, సంపుటం, పేజీలు. మనవాళ్ళ పేర్లలో ఏది ఇంటిపేరో ఏది సొంత పేరో వెతుక్కోవడానికే రెండు రోజులు పట్టింది. ఎర్ర పెన్ను పట్టుకుని ఒక్కో నిబంధన కింద గీత గీస్తూ పోయాను. డీటీపీ సెంటరు అమ్మాయి నన్ను చూస్తే చాలు, కుర్చీలో ముడుచుకునేది.

గీతలు గీశానన్నాను గానీ అన్నిటి కిందా గీయలేదు. మొదటి పేజీ, రెండో పేజీ, చివరి పేజీ ఎర్రగా నిండాయి. మూడో పేజీ తెల్లగా ఉండిపోయింది. అందులో మార్జిన్లు లేవు, కామాలు లేవు. పత్రానికి రచయిత అంటే ఎవరు, ఎవరు కారు అని ఏదో రాసి ఉంది. ఆ సంగతి నాకు తెలిసిందే కదా అనుకుని దాటిపోయాను.

పత్రం ఊజీ ఈగ గురించి. పట్టుపురుగులు పెంచే ఇళ్ళల్లో ఈ ఈగ దూరి పెద్ద పురుగు ఒంటి మీద గుడ్డు పెడుతుంది. గుడ్డులోంచి వచ్చిన ఈగపిల్ల ఆ పురుగు తోలు తొలుచుకుని లోపలికి పోతుంది. తొలిచిన చోట నల్ల మచ్చ పడుతుంది. ఆ పురుగు గూడు అల్లకముందే చస్తుంది, లేదా గూడు అల్లాక ఈగపిల్ల దానికి బొక్క పెట్టుకుని బయటికొస్తుంది. బొక్కపడిన గూడు నుంచి దారం తీయలేరు. హిందూపురం గూళ్ళ మార్కెట్లో అలాంటి గూళ్ళ గంప కనిపిస్తే కొనేవాళ్ళు మొహం తిప్పుకుని పోతారు. ఏ నెలల్లో, ఏ ఊళ్ళల్లో ఈగ ఎంత ఎక్కువో లెక్క తేల్చడం నా పని. రెండేళ్ళ లెక్క.

లెక్క నాదన్నాను. లెక్కపెట్టింది నేను కాదు.

పెనుకొండ పట్టుపరిశ్రమ ఆఫీసులో ఒక డెమాన్‌స్ట్రేటర్ ఉండేవాడు. రైతుల షెడ్లకు పోయి పురుగులు చూసి సలహాలు చెప్పడం ఆయన ఉద్యోగం. ఇంటర్ చదివాడు. నాకంటే మూడు నాలుగేళ్ళు పెద్ద. నేను 'అన్నా' అనేదాన్ని, ఆయన 'మేడమ్' అనేవాడు. మొదటిసారి షెడ్డుకు తీసుకుపోయినప్పుడు, నాలుగో జ్వరం లేచిన పురుగులు (అంటే నాలుగోసారి కుబుసం విడిచి ఆకు మీద పడినవి) తట్ట నిండా కదులుతుంటే నాకు ఒక్క మచ్చా కనపడలేదు. ఆయన ఒక పురుగును వేలి మీదికి తీసుకుని నడుము పక్కకు తిప్పి చూపించాడు. అప్పుడు కనపడింది, ఆవగింజలో సగం.

కాలేజీ ఉన్న రోజుల్లో నాకు పోవడం కుదరదు. అందుకని ప్రతి పంటకూ ఆయనే పోయేవాడు. ఆరు ఊళ్ళు, ఊరికి ఐదు షెడ్లు, షెడ్డుకు నాలుగు తట్టలు, తట్టకు నూరు పురుగులు. పంట ఏదైనా, వాన పడినా, ఇంట్లో జ్వరమున్నా. ఆఫీసు పనిలో భాగం కాదది. తన సైకిలు, తన పెట్రోమాక్స్, తన తీరిక. కొన్న నోటుపుస్తకాలు మాత్రం నావి. ఆయన రాసిన అంకెల్లో కొట్టివేతలుండవు. నాలాంటి దాన్ని మెప్పించడం తేలిక కాదు, ఆ పుస్తకాలు మెప్పించాయి.

ఆఫీసులో తోటివాళ్ళు ఆయన్ను ఆట పట్టించేవారట. ఒకసారి షెడ్డు బయట రాతి మీద కూర్చుని మజ్జిగ తాగుతూ నవ్వుతూనే చెప్పాడు.

"సొమ్మొకనిది సోకొకనిది అంటాండారు మేడమ్. నువ్వు ఎండలో తిరుగు, ఆయమ్మ డాక్టరవుతాది అని."

నాకు ఒళ్ళు మండింది. "మీ పేరు లేకుండా పత్రం పోదన్నా. నా పేరు పక్కనే మీ పేరు ఉంటుంది" అన్నాను.

"అచ్చులోనా మేడమ్?"

"అచ్చులోనే."

"ఉంటే సాలు. ఒక కాపీ ఆఫీసు టేబుల్ మీద పెడ్తా. మల్లా నోరెత్తితే సూస్తా" అన్నాడు.

ఆ మాట ఎవరూ బలవంతం చేస్తే ఇచ్చింది కాదు. ఎండలో, మజ్జిగ గ్లాసు చేతిలో పట్టుకుని, నిజంగా అనుకునే ఇచ్చాను.

పత్రం మొదట పెద్దదిగానే రాశాను. నాలుగు పట్టికలు, ముప్ఫై రిఫరెన్సులు. యూనివర్సిటీలో మా గైడుకు చూపిస్తే ఆయన పేజీలు తిప్పి, "పూర్తి పత్రం అంటే దాన్ని పరిశీలించే రెఫరీలు ఏడాది పైగా నానుస్తారు. నీకు అంత టైమ్ ఉందా? షార్ట్ కమ్యూనికేషన్‌గా కుదించు. నాలుగైదు నెలల్లో తేల్చేస్తారు" అన్నారు. నిజమే. సూచనల్లోనూ అదే ఉంది. చిన్న పత్రాలకు త్వరగా నిర్ణయం. కానీ వాటికి వేరే హద్దులు: రిఫరెన్సులతో సహా పదిహేను వందల మాటలు, ఒకే పట్టిక, పది రిఫరెన్సులు. ఆ పేరా చివర ఇంకో వాక్యం: రచయితలు ముగ్గురికి మించరాదు.

గైడు ముందరే గట్టిగా చదివాను.

"ముగ్గురే కదా. నువ్వు, నేను, మీ హెచ్ఓడి" అన్నారాయన.

"సార్, పెనుకొండ అన్న ఉన్నాడు. లెక్కలన్నీ ఆయనవే."

"అతనికి కృతజ్ఞతలు చెప్పు. పత్రం చివర ఆ పేరా పెట్టింది అందుకే కదా. మీ హెచ్ఓడి లేకుండా ఎలా పంపుతావమ్మా, రేపు కాలేజీలో ఉండొద్దా?"

మా దగ్గర ఆ ఆనవాయితీ అందరికీ తెలిసిందే. కాలేజీ నుంచి ఏ పత్రం పోయినా విభాగాధిపతి పేరు దాంట్లో ఉంటుంది. పెళ్ళి శుభలేఖలో ఇంటి పెద్ద పేరు వేసినట్టు. ఎవరూ అడగరు, ఎవరూ తీయరు. ఆయన ఫార్వార్డింగ్ సంతకం లేనిదే నా థీసిస్ యూనివర్సిటీ గడప తొక్కదు కూడా.

"సరే సార్" అన్నాను. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నాకు బాధ వేయలేదు. ఇది ఒప్పుకోవాలి. ఊపిరి తేలికయింది. మాట తప్పింది నేను కాదు, పత్రిక నిబంధన తప్పించింది అనుకున్నాను. పూర్తి పత్రంగా పంపితే పేర్లకు హద్దు లేదని నాకు తెలుసు. తెలిసీ దాన్ని లోపలికి తోసేశాను.

తర్వాత రెండు వారాలు మాటలు కోయడమే పని. నాలుగు వేల మాటలను పదిహేను వందలకు దించాలి. ఊళ్ళ వర్ణన పోయింది. ఏ షెడ్డుకు కిటికీ వల ఉందో, దేనికి లేదో పోయింది. లెక్క ఎలా పెట్టారన్న రెండు పేరాలు ఒక వాక్యమయ్యాయి. నాలుగు పట్టికలను ఒక్కదానిలో ఇరికించాను. పత్రిక కాలమ్ వెడల్పు తక్కువ కాబట్టి, నిలువుగా ఉన్న నెలలను అడ్డంగా తిప్పి, అడ్డంగా ఉన్న ఊళ్ళను నిలువుగా దింపాను. డీటీపీ అమ్మాయి ఒక్కో గడి మళ్ళీ కొట్టింది. చివరకు పద్నాలుగు వందల తొంభై రెండు మాటలు తేలాయి. ఎనిమిది మాటలు మిగిలించానని గర్వపడ్డాను. కృతజ్ఞతల్లో ఆయన పేరు, హోదా రాసి, లెక్కల సేకరణలో తోడ్పడినందుకు ధన్యవాదాలు అన్నాను. 'తోడ్పడినందుకు' అన్న మాట దగ్గర చేయి కాస్త ఆగింది. ఆగి, ముందుకు పోయింది.

కవరులో పెట్టే ముందు చివరి పేజీలోని చెక్‌లిస్టు చూసుకుంటున్నాను. మూడు ప్రతులు, ఉన్నాయి. ఫ్లాపీ మీద లేబుల్, ఉంది. ఇంకెక్కడా అచ్చు కాలేదు, ఇంకెక్కడికీ పంపలేదు అన్న హామీపత్రం, ఉంది. రచయితలందరి సంతకాలు, గైడువీ హెచ్ఓడివీ తీసుకున్నాను. దాని కింద ఇంకొకటి: కృతజ్ఞతల్లో పేరు ఉన్న ప్రతి వ్యక్తి నుంచి రాతపూర్వక అనుమతి. పేరు చూసి ఆ వ్యక్తి పత్రంలోని విషయాలను సమర్థించినట్టు చదివేవాళ్ళు అనుకోవచ్చు కనుక, అని కారణం కూడా ఇచ్చారు.

ఇంకొకరైతే ఆ గడిలో టిక్కు పెట్టి పోస్టులో వేసేసేవాళ్ళు. ఎవరు అడుగుతారు? నేను పెట్టలేను. నా జబ్బు గురించి చెప్పాను కదా. మా గైడు చెప్పిన అబద్ధానికి తల ఊపగలను గానీ, ఖాళీ గడిలో దొంగ టిక్కు పెట్టలేను. అదెలాంటి నిజాయితీయో నాకే తెలియదు.

ఆయనకు అప్పటికి ధర్మవరం బదిలీ అయింది. ఆదివారం పొద్దున ప్యాసింజర్ ఎక్కాను. కృతజ్ఞతల వాక్యంతో సహా అనుమతి కాగితం టైపు చేయించి సంచిలో పెట్టుకున్నాను, ఒక్క సంతకం చాలు. సూచనల జిరాక్స్ కూడా మొత్తం తీసుకున్నాను. ముగ్గురికి మించరాదు అన్న వాక్యం ఆయనే కళ్ళారా చూస్తే, నేను చేసింది కాదని నమ్ముతాడని.

అద్దె ఇల్లు. ముందు గదిలో ఇంటివాళ్ళ మగ్గం, వెనక రెండు గదులు వీళ్ళవి. ఆదివారమైనా మగ్గం ఆడుతూనే ఉంది. ఆయన నన్ను చూసి బనియన్ మీద చొక్కా తగిలించుకుంటూ వచ్చాడు. ఆయన భార్య మంచం మీద దుప్పటి పరిచి కూర్చోమంది, బొరుగులు కలిపి తెచ్చి పెట్టింది.

"సెప్తే నేనే వస్తాంటి కదా మేడమ్. పేపరు అయిపాయనా?"

"అయిపోయిందన్నా. సంతకం కావాల్సి వచ్చింది."

"ఒగటి కాదు, పది పెడ్తా. యాడ పెట్టల్ల?"

పెన్ను తీసుకుని, చేతులు లుంగీకి తుడుచుకున్నాడు. నేను సంచిలోంచి పత్రం కవరు తీస్తుండగా పైన ఉన్న హామీపత్రం కనపడింది ఆయనకు. మూడు పేర్లు, మూడు సంతకాలు. ఆయన కింద నాలుగో గీత కోసం వెతుక్కున్నాడు. కాగితం వెనక్కి తిప్పి కూడా చూశాడు.

నాకు అక్కడి నుంచి లేచి పోవాలనిపించింది.

"అన్నా, అది కాదు. ఇది" అని అనుమతి కాగితం ఇచ్చాను. "చిన్న పత్రం చేయాల్సి వచ్చింది. వాళ్ళు ముగ్గురికంటే ఎక్కువ ఒప్పుకోరు. ఇదో, ఇక్కడ రాశారు చూడండి. మీ పేరు కృతజ్ఞతల్లో పెట్టాను. దానికి మీ ఒప్పుదల కావాలట."

ఆయన జిరాక్స్ పేజీలు తీసుకున్నాడు. నేను వేలు పెట్టిన వాక్యం చదివాడు. చదివి ఆపలేదు. మొదటి పేజీకి పోయి అక్కడి నుంచి మొదలుపెట్టాడు. పెదాలు కదుపుతూ, ఇంగ్లీషు కాబట్టి నెమ్మదిగా, నా ఎర్ర గీతలన్నీ దాటుకుంటూ. పురుగులు లెక్కపెట్టేటప్పుడు కూడా అలాగే ఉండేవాడు. తట్ట మొత్తం అయిందాకా తలెత్తేవాడు కాదు. బొరుగులు మెత్తబడిపోయాయి. మూడో పేజీ దగ్గర చాలాసేపు ఆగాడు.

"ఈడేందో రాసినారు మేడమ్. 'హెడ్‌షిప్' అంటే?"

"విభాగానికి పెద్దగా ఉండటం."

"ఓహో." వేలు పెట్టి మెల్లగా తెలుగులోకి మార్చుకుంటూ చదివాడు. "పెద్దగా ఉన్నందుకు, ల్యాబు ఇచ్చినందుకు, పర్మిషన్ ఇచ్చినందుకు రచయిత కాడు. అట్లాంటోళ్ళకు కృతజ్ఞతలు సెప్తే సాలు. అంతేనా మేడమ్, నేను తప్పు సదివితే సెప్పండి."

తప్పు చదవలేదు. నేను ఆ పేజీ మొదటిసారి అప్పుడు చదివాను, ఆయన వేలి వెంట. పథకం వేయడంలోనో, సేకరణలోనో, విశ్లేషణలోనో గణనీయమైన పాలు ఉండాలి. రాయడంలోనో దిద్దడంలోనో పాలు ఉండాలి. చివరి ప్రతిని చదివి ఒప్పుకుని ఉండాలి. అర్హత ఉన్న వారెవరినీ వదిలిపెట్టరాదు. నేను సంతకం పెట్టిన హామీపత్రంలో రెండో వాక్యం కూడా అదే.

"హెచ్ఓడి సారు మన షెడ్లకు ఎన్నిసార్లు వచ్చినాడు మేడమ్?"

"రాలేదు."

"ఈగను సూసినాడా?"

 చెప్పడానికి సిగ్గుచేటు, నేను వాదించాను. "అన్నా, అందులోనే ఉంది చూడండి, రాయడంలో పాలు ఉండాలని. లెక్క పెట్టినంత మాత్రాన సరిపోదు" అన్నాను. పేజీ చదివి రెండు నిమిషాలు కాలేదు, దాన్నే కర్రలా పట్టుకున్నాను.

ఆయనకు కోపం రాలేదు. వచ్చి ఉంటే నాకు సులువుగా ఉండేది.

"రాసేటప్పుడు నన్ను పిలిచినారా మేడమ్? పిలిస్తే రాకపోతినా? నాకు ఇంగిలీషు రాయను రాదు, నిజమే. లెక్కలు సరిగ్గా పడినాయా లేదా సూడనన్నా వస్తాది కదా."

లోపలి గదిలోంచి ఆయన భార్య మగ్గం చప్పుడు మీదుగా ఏదో అడిగింది. ఆయన "ఏం లేదులే" అన్నాడు. తర్వాత అనుమతి కాగితం చేతిలోకి తీసుకున్నాడు.

"దీని మీద నేను సంతకం పెట్టకుంటే ఏమైతాది?"

"మీ పేరు కృతజ్ఞతల్లో వేయకూడదు."

"పేపరు ఆగిపోతాదా?"

"ఆగదు."

"అయితే పెట్టను మేడమ్." పెన్ను మూత బిగించి నా పక్కన పెట్టాడు. "తోడ్పడినందుకు అని రాసినారు. తోడ్పడేది అంటే ఒకరు మోస్తాంటే ఇంగొకరు చెయ్యేసేది. నేను చెయ్యేయలేదు, మోసినా. ఆ మాట మీద నేనెట్ల సంతకం పెట్టేది? మీ చదువు ఆగకూడదు, పంపించుకోండి. నా పేరు యాడా వద్దు."

స్టేషన్ దాకా వచ్చి సాగనంపాడు. దారిలో మల్బరీ ఆకు రేట్ల గురించి మాట్లాడాడు.

తిరుగు రైలు పెనుకొండలో చాలాసేపు ఆగింది. అక్కడ కూర్చుని లెక్కలు వేసుకున్నాను. హెచ్ఓడి పేరు తీసి ఆయన పేరు పెట్టొచ్చు, ముగ్గురే అవుతారు. లేదా మళ్ళీ పెద్ద పత్రం చేసి నలుగురి పేర్లతో పంపి, గడువు పోగొట్టుకోవచ్చు. రెండోది నా వల్ల కాదని అప్పుడే తెలుసు. మొదటిదానికి ధైర్యం తెచ్చుకున్నాను.

సోమవారం స్టాఫ్‌రూమ్ ఖాళీ అయ్యాక మూడో పేజీ హెచ్ఓడి ముందు పెట్టాను. ఆయన చెడ్డవాడు కాదు. కళ్ళజోడు పెట్టుకుని చదివారు, నవ్వారు కూడా.

"ఇవన్నీ పుస్తకంలో రాసుకునే మాటలమ్మా. ఇన్నేళ్ళలో ఏ కాలేజీ పాటించింది? సరే, నీకు అంత పట్టింపుగా ఉంటే నా పేరు తీసెయ్. కాకపోతే రేపు థీసిస్ ఫార్వార్డ్ చేసేటప్పుడు, ఈ పనికి ల్యాబు నేను ఇచ్చినట్టు నాకు గుర్తుండాలి కదా."

మెత్తగా అన్నారు. నేను పేజీ మడిచి సంచిలో పెట్టుకున్నాను.

"వద్దులెండి సార్, ఉండనివ్వండి" అన్నాను.

ఆ మధ్యాహ్నం డీటీపీ సెంటరుకు పోయి కృతజ్ఞతల్లో ఆ ఒక్క వాక్యం తీయించాను. మాటల సంఖ్య ఇంకా తగ్గింది. హామీపత్రం మార్చలేదు. అర్హులెవరినీ వదల్లేదన్న వాక్యం కింద నా సంతకం అలాగే ఉంది. హిందూపురం పోస్టాఫీసులో రిజిస్టర్ చేసి రసీదు తీసుకున్నాను. అది పిరికితనం. ఇప్పుడు దానికి వేరే పేరు వెతకను.

నాలుగు నెలలకు జవాబొచ్చింది. రెఫరీ ఒక్కటే అడిగాడు: లెక్కింపు అంతా ఒకే మనిషి చేశాడా, వేర్వేరు మనుషులా? వేర్వేరు కళ్ళు చూస్తే అంకెల్లో తేడా వస్తుంది కనుక స్పష్టం చేయాలి. సబబైన ప్రశ్న. కూర్చుని ఒక వాక్యం రాశాను: లెక్కింపు అంతా శిక్షణ పొందిన ఒకే పరిశీలకుడు చేశాడు. నిజమే రాశాను. వాళ్ళు తృప్తిపడ్డారు. పత్రాన్ని తమ సూచనల ప్రకారం ఎంతో శ్రద్ధగా తయారుచేశారని సంపాదకుడు ప్రత్యేకంగా మెచ్చుకుంటూ రాశారు. హెచ్ఓడి ఆ ఉత్తరాన్ని నోటీసు బోర్డులో పెట్టించారు. గడువుకు మూడు వారాల ముందు థీసిస్ ఇచ్చాను. డాక్టరేట్ వచ్చింది. జీతం పెరిగింది, పిల్లలు పేరుకు ముందు డాక్టర్ అని చేర్చి పిలవడం మొదలుపెట్టారు.

అచ్చు కాపీల్లో ఒకటి ధర్మవరం పంపాను. లోపల ఉత్తరం రాయబోయి నాలుగుసార్లు చించేశాను. చివరకు ఉట్టి కాపీ పంపాను. జవాబు రాలేదు. వస్తుందని అనుకోనూ లేదు.

ఏడెనిమిదేళ్ళకు, రెండు వేల సంవత్సరం దాటాక, విద్యార్థులను తీసుకుని హిందూపురం గూళ్ళ మార్కెట్‌కు పోయినప్పుడు ఆయన కనపడ్డాడు. జుట్టు సగం నెరిసింది. ఒక రైతుకు తోడు వచ్చాడట. పిల్లల ముందు నన్ను గౌరవంగా పలకరించాడు. ఏం చదువుతున్నారని వాళ్ళను అడిగాడు, గూడు చెవి దగ్గర ఆడించి లోపల పురుగు బాగుందో లేదో ఎలా తెలుసుకోవాలో చూపించాడు. వాళ్ళు ముందుకు పోయాక నేను ఆగాను.

"అన్నా, ఆ పేపరు..." అన్నాను. 

"వచ్చింది మేడమ్. సదివినా. అర్థం కానిది మా ఆఫీసరుతో సదివించుకున్నా." ఒక గూడు తీసుకుని చేతిలో తిప్పాడు. "మీరు ఏమీ అనుకోకుంటే ఒగ మాట. పట్టికలో మూడో ఊరి లెక్క తిరగబడినాది. ఆగస్టుది సెప్టెంబరులో పడినాది, సెప్టెంబరుది ఆగస్టులో. రెండేండ్లూ అట్లే ఉండాది."

 నెలలను అడ్డంగా తిప్పిన పట్టిక. గైడు చూశారు, హెచ్ఓడి సంతకం పెట్టారు, రెఫరీ చదివాడు, సంపాదకుడు మెచ్చుకున్నాడు. నేను కామాలు వెతికాను.

"అప్పుడే ఎందుకు చెప్పలేదన్నా? ఉత్తరం రాసి ఉంటే..."

"నేను ఎవురని రాసేది మేడమ్?" అన్నాడు. ఎత్తిపొడుపు లేదు ఆ గొంతులో, నిజంగానే అడిగాడు. "రైతులు మన పేపరు సూసి ఈగలు పట్టరులెండి. నష్టమేం లేదు." రైతు పిలిస్తే వెళ్ళిపోయాడు.

ఇంటికి వచ్చి ఆయన నోటుపుస్తకం తీసి చూశాను. ఆయన చెప్పిందే సరి. అచ్చయిన తప్పును దిద్దాలంటే ఏం చేయాలో ఆ పత్రిక సూచనల్లో ఉంటుంది. ఈసారి అన్ని పేజీలూ చదివాను. దిద్దుబాటు నోటు పంపవచ్చు, రచయితలందరూ సంతకం పెట్టాలి, తప్పు ఎలా బయటపడిందో, అసలు లెక్క ఎవరిదో వివరించాలి. కాగితం తీసుకుని మొదలుపెట్టాను. ఆ లెక్క ఎవరిదో రాయాల్సిన చోట ఆయన పేరు రాశాను. రాసి, పత్రంలో ఆ పేరు ఎందుకు లేదని వాళ్ళు అడిగితే ఏం చెప్పాలా అని చాలాసేపు కూర్చున్నాను.

ఆ నోటు పంపలేదు. పట్టిక ఇప్పటికీ తప్పుగానే ఉంది. ఎవరైనా ఆ పత్రాన్ని తమ రిఫరెన్సుల్లో పెట్టుకుంటే ముందు నా ఇంటిపేరు, తర్వాత నా ఇనిషియల్స్ వస్తాయి.